వాట్సాప్ బ్యాకప్ తెర మీద చదవాల్సిన మూడు లైన్లు: అపోహలు - వాస్తవాలు

పాత ఫోన్‌లోని డేటాను కొత్త ఫోన్‌లోకి ఎక్కించడం నా పని. ఫోన్ చేతికిస్తూ దాదాపు అందరూ "బ్యాకప్ ఉందండీ" అంటారు. నేను మాత్రం ముందుగా Settings, Chats, Chat backup వరకు వెళ్లి చూస్తాను. అక్కడ చదవాల్సినవి మూడే: ఎప్పుడు జరిగింది, సైజు ఎంత, వీడియోలు ఉన్నాయా. ఇక్కడ చెప్పేదంతా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే. ఐఫోన్‌లో బ్యాకప్ ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది, అక్కడా ఈ మూడూ కనిపిస్తాయి.

అపోహ: ఈరోజు తేదీ కనిపిస్తోంది కాబట్టి బ్యాకప్ అయిపోయినట్టే.

అక్కడ ఉండేది ఒక టైమ్ కాదు, రెండు. "Local" పక్కన ఒకటి, గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌కు మరొకటి. లోకల్ బ్యాకప్ రోజూ తెల్లవారుజామున 2 గంటల ప్రాంతంలో తనంతట తానే జరుగుతుంది. కానీ అది ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ పోతే దాంతోపాటే పోతుంది. పైగా ఆ ఫైల్‌లో ఉండేది మెసేజ్‌లే. ఫొటోలు, వీడియోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి.

అందుకే రెండో టైమ్ చూడాలి. లోకల్‌కు ఇవాళ్టి తేదీ, డ్రైవ్‌కు మూడు నెలల కిందటి తేదీ ఉన్న ఫోన్లు తరచుగా వస్తుంటాయి. ఎక్కువసార్లు కారణం గూగుల్ అకౌంట్‌లో ఖాళీ లేకపోవడమే. ఒకప్పుడు ఈ బ్యాకప్‌ను గూగుల్ స్టోరేజ్‌లో లెక్కించేవారు కాదు. 2024 నుంచి అదీ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోకే వస్తోంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంకో కారణం, వైఫైలోనే బ్యాకప్ అయ్యేలా సెట్టింగ్ ఉండి, ఫోన్ ఎప్పుడూ మొబైల్ డేటా మీదే నడవడం. అదే తెరలో ఏ జీమెయిల్ అకౌంట్ ఉందో కూడా చూడండి. కొత్త ఫోన్‌లో ఆ అకౌంటే, ఆ ఫోన్ నంబరే ఉండాలి.

అపోహ: సైజు జీబీల్లో ఉందంటే వీడియోలు కూడా ఉన్నట్టే.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు, డాక్యుమెంట్లు కలిస్తేనే రెండు మూడు జీబీలు సులువుగా అవుతాయి. వీడియోల సంగతి తేల్చేది సైజు కాదు, కింద ఉన్న "Include videos" స్విచ్.

ఒక ఫోన్ లెక్క చూద్దాం. డ్రైవ్ బ్యాకప్ నిన్నటిదే, సైజు 2.1 జీబీ, స్విచ్ మాత్రం ఆఫ్. ఫైల్స్ యాప్‌లో ఈ దారిలో వెళ్లాం:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media
```

అక్కడ "WhatsApp Video" ఫోల్డర్ ఒక్కటే 6.2 జీబీ ఉంది. అంటే డ్రైవ్‌లో ఉన్నదానికి మూడింతలు బయటే ఉండిపోయింది! స్విచ్ వేసే ముందు ఖాళీ చూడాలి. గూగుల్ అకౌంట్‌లో 15 జీబీకి 8 వాడేశారు, అందులో ఈ పాత బ్యాకప్ కూడా ఉంది. మిగిలింది 7, కావలసింది 6.2. ఇరుగ్గానే అయినా సరిపోతుంది. సరిపోకపోతే బ్యాకప్ మధ్యలోనే ఆగి, డ్రైవ్ పక్కన పాత తేదీయే కనిపిస్తూ ఉండేది.

అపోహ: స్విచ్ ఆన్ చేశాను, ఇక పని అయిపోయింది.

స్విచ్ వేయగానే పాత బ్యాకప్‌లోకి వీడియోలు వచ్చి చేరవు. తర్వాత జరిగే బ్యాకప్‌లోనే వెళ్తాయి. అందుకే వెంటనే "Back up" నొక్కాలి. ఆ ఫోన్‌ను రాత్రంతా వైఫైలో, చార్జర్‌కు పెట్టి ఉంచాం. పొద్దున చూస్తే డ్రైవ్ టైమ్ కొత్తది, సైజు దాదాపు 8.3 జీబీ. టైమ్, సైజు రెండూ మారితేనే నేను నమ్ముతాను. టైమ్ మారి సైజు 2.1 దగ్గరే ఉంటే, స్విచ్‌ను మళ్లీ చూడండి.

అపోహ: చాట్‌లో కనిపించే ప్రతి వీడియో బ్యాకప్‌లో ఉంటుంది.

ఫైల్ ఫోన్‌లో ఉంటేనే పైకి వెళ్తుంది. మసగ్గా కనిపిస్తూ, డౌన్‌లోడ్ గుర్తుతో ఉన్న వీడియో మీ ఫోన్‌లోకి ఇంకా రాలేదు. గ్యాలరీలోంచి తీసేసినదీ అంతే. "పాత బ్యాకప్‌లో ఉండే ఉంటుంది కదా, అది తీయండి" అని అడుగుతారు. అదే అకౌంట్‌లోకి కొత్త డ్రైవ్ బ్యాకప్ జరిగితే పాతదాని స్థానంలోకి అదే వస్తుంది, వెనకటిది తీసుకునే వీలుండదు. కాబట్టి కావలసిన వీడియో మసగ్గా ఉంటే ముందు డౌన్‌లోడ్ చేసి, తెరిచి చూసి, ఆ తర్వాతే "Back up" నొక్కండి.