హోంవర్క్ నిమిషాలు, పిల్లల మాటలు: రెండూ కలవాల్సిన చోటు

మళ్లీ అదే గొడవ. యూనిట్ టెస్టు మార్కులు చేతికొచ్చాయో లేదో విజయవాడలో మా వీధి తల్లిదండ్రులు రెండు జట్లయిపోయారు. హోంవర్క్ పెంచాలని కొందరు, రాత్రి పదిన్నరైనా పిల్లలు పడుకోవట్లేదు ఆపండని ఇంకొందరు. ఈసారి దానికి ఇంకో ముడి పడింది. గుంటూరులో ఎం.ఎడ్. చేస్తున్న మా స్నేహితురాలు ఇదే విషయం మీద రాసిన పరిశోధన ప్రణాళికను కమిటీ వెనక్కి పంపింది. సర్వే ఉంది, ఇంటర్వ్యూలు ఉన్నాయి, అవి రెండూ ఎక్కడ కలుస్తాయో మాత్రం రాయలేదన్నది ఒక సభ్యుడి అభ్యంతరం. సర్వే చాలదా, ఈ ఇంటర్వ్యూలు ఎందుకన్నది ఇంకొకరి మాట. మొదటి ప్రశ్న న్యాయమైనది. రెండోదానికి జవాబు దొరకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పిల్లల మీద చదువు భారం తగ్గించాలన్న 1993 నాటి యశ్‌పాల్ కమిటీ నివేదిక, ఒకటి రెండు తరగతులకు హోంవర్క్ వద్దన్న 2018 మద్రాసు హైకోర్టు ఆదేశం, 2020 స్కూల్ బ్యాగ్ విధానం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. వాటి మీద జరిగిన చర్చ చాలావరకు ‘ఎంతసేపు’ అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. నా లెక్కలో అసలు మలుపు ఆ ప్రశ్న విరిగిపోయిన చోట ఉంది.

2006లో అమెరికాలో హారిస్ కూపర్, ఇద్దరు సహ రచయితలు కలిసి 1987 నుంచి 2003 దాకా అక్కడ వచ్చిన అధ్యయనాలను సమీక్షించారు. హోంవర్క్‌కీ మార్కులకూ సంబంధం ఏడు నుంచి పన్నెండు తరగతుల్లో బలంగా, కింది తరగతుల్లో బలహీనంగా కనిపించింది. పెంచాలనే వాళ్లు చెప్పేది ఈ మాటే. ఆ అధ్యయనాల పద్ధతుల్లో లోపాలున్నాయని అదే సమీక్ష హెచ్చరించిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మరుసటి ఏడాది, 2007లో, జర్మనీకి చెందిన ఉల్‌రిచ్ ట్రౌట్‌వైన్ హోంవర్క్ అనే ఒకే మాటను మూడుగా విడదీశాడు: టీచర్ ఎంత తరచుగా ఇస్తున్నారు, పిల్లాడు ఎంతసేపు చేస్తున్నాడు, ఎంత శ్రద్ధ పెడుతున్నాడు. అప్పుడు బొమ్మ తిరగబడింది. తరచుగా ఇచ్చే తరగతుల్లో ఫలితాలు మెరుగ్గా కనిపించాయి, శ్రద్ధ పెట్టిన పిల్లల ఫలితాలూ మెరుగ్గానే ఉన్నాయి, కానీ ఎక్కువ గంటలు కూర్చున్న పిల్లలకు లాభం కనిపించలేదు సరికదా, సంబంధం వ్యతిరేక దిశలోనే వచ్చింది. అంటే తరగతి స్థాయిలో ఒక కథ, పిల్లాడి స్థాయిలో ఇంకో కథ. రెండింటినీ ఒకే సగటులో కలిపేస్తే రెండూ పోతాయి.

మరి ఎక్కువసేపు కూర్చున్న పిల్లాడికి మార్కులెందుకు రావట్లేదు? ఇక్కడే సర్వే ఆగిపోతుంది. అర్థం కాక ఎక్కువసేపు పట్టిందా, టీవీ ముందు కూర్చున్నాడా, చూచిరాత రాశాడా అన్నది ‘130 నిమిషాలు’ అన్న అంకె చెప్పదు. బ్రాడీపేటలో మా అక్క కొడుకు లెక్కల నోట్సు చూశాను. ప్రతి లెక్కా రఫ్‌లో ఒకసారి, ఫెయిర్‌లో ఇంకోసారి, చుట్టూ స్కేలుతో గీసిన మార్జిను. ఒక లెక్కలో మూడో మెట్టులో మైనస్ గుర్తు జారిపోయింది, అదే తప్పు ఫెయిర్‌లోకీ అందంగా ఎక్కింది, పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు. సర్వేలో వాడు రెండు గంటలని రాస్తాడు, అది నిజమే. అందులో లెక్క చేసింది ఎంతసేపు?

అందుకే ఇంటర్వ్యూలు కావాలి. అయితే ఎవరితో మాట్లాడాలో సర్వేనే చెప్పాలి, మొదటి కలయిక అక్కడే. ఉదాహరణకు తొమ్మిదో తరగతి లెక్కలు తీసుకుందాం. ఎనిమిదో తరగతి మార్కులను బట్టి ఒక అమ్మాయికి ఇప్పుడు 62 వస్తాయని గణాంక మోడల్ అంచనా వేసింది, వచ్చినవి 47 అనుకుందాం. ఆ పదిహేను మార్కుల లోటునే రెసిడ్యువల్ అంటారు. ఆ అమ్మాయి రోజుకు 130 నిమిషాలు చేస్తుంది. అదే సెక్షన్‌లో 40 నిమిషాలే చేసి అంచనా కంటే పన్నెండు ఎక్కువ తెచ్చుకున్న అబ్బాయి ఉన్నాడు. ఎక్కువసేపు, తక్కువసేపు, అంచనాకు పైన, కింద, ఈ నాలుగు గళ్లలోంచి నలుగురేసి చొప్పున పదహారు మందిని ఎంచుకుంటే ఆ ఎంపిక అంకెల్లోంచి పుట్టినట్టు. టీచర్ పిలిచిన ‘బాగా మాట్లాడే’ పిల్లలతో మాట్లాడితే అది కలయిక కాదు.

రెండో కలయిక ప్రశ్నల్లో ఉంటుంది. ‘హోంవర్క్ గురించి ఏమనుకుంటున్నావు’ అని అడగడం కాదు, ఆ అమ్మాయి నోట్సు ముందు పెట్టి, నిన్న ఆరింటికి కూర్చున్నప్పటి నుంచి ఏం చేశావో చెప్పమనాలి. మూడోది జాయింట్ డిస్‌ప్లే అనే పట్టిక. ఒక వరుసలో ఎడమవైపు 130 నిమిషాలు, మైనస్ పదిహేను. మధ్యలో ఆమె మాటల సారం, గైడులోంచి ఎక్కించి ఫెయిర్ చేయడానికి గంట పట్టిందని. కుడివైపు ఈ రెండూ కలిపి చూస్తే కొత్తగా ఏం తెలిసిందో: ఇక్కడ ‘సమయం’ శ్రద్ధకు కొలత కాదు, రాతపనికి కొలత. ఆ మూడో గడి ఖాళీగా ఉన్నా, ఎడమ గడిలోని మాటే మళ్లీ చెప్పినా కలయిక జరగలేదని అర్థం. పిల్లల మాట అంకెకు విరుద్ధంగా వస్తే ఏదో ఒకటి కొట్టేయకూడదు. తేడా రాసి, సర్వే ప్రశ్న సరిగా అర్థమైందా, ట్యూషన్ సమయం కూడా కలిపేశారా అని వెనక్కి వెళ్లి చూడాలి. పదహారు మంది మాటతో జిల్లా మొత్తానికీ తీర్పు చెప్పలేం. కారణం ఏమై ఉండొచ్చో మాత్రం తెలుస్తుంది.

సర్వేనీ ఇంటర్వ్యూలనీ కలపకుండా వదిలేసే ఈ లోపం కొత్తదేం కాదు. 1989లోనే జెన్నిఫర్ గ్రీన్, ఆమె సహచరులు అంకెల పద్ధతి, మాటల పద్ధతి రెండూ వాడిన 57 మూల్యాంకన అధ్యయనాలను పరిశీలిస్తే, విశ్లేషణలో రెండింటినీ నిజంగా కలిపినవి కొద్దే. 2013లో ఫెటర్స్, కర్రీ, క్రెస్వెల్ కలయికను నమూనా ఎంపిక దగ్గర, ప్రశ్నల తయారీ దగ్గర, విశ్లేషణ దగ్గర విడివిడిగా చూపించాక అది రాయడం తేలికైంది. కమిటీ మొదటి సభ్యుడు అడిగింది ఇదే. ‘సర్వే చాలు’ అన్నవారి వాదనలోనూ కొంత నిజముంది: ఇంటర్వ్యూలకు నెలలు పడతాయి, థీసిస్ గడువు ఆగదు.

మా స్నేహితురాలి ప్రణాళికలో అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సర్వే పత్రంలో ‘పేరు రాయనక్కర్లేదు’ అని పెట్టింది, పిల్లలు భయపడకుండా. మంచి ఉద్దేశమే, కానీ పేరు లేకపోతే 130 నిమిషాల అమ్మాయి ఎవరో ఎలా తెలుస్తుంది? ఎనిమిదో తరగతి మార్కులు కూడా ఎవరివో జతపడవు. అక్కడే రెండు దారులూ తెగిపోయాయి. ఇప్పుడు పత్రం మీద పేరు బదులు కోడ్ నంబరు వేస్తోంది. పేర్లూ నంబర్లూ ఉన్న జాబితా స్కూల్ వాళ్లకు ఇవ్వకుండా తన దగ్గరే విడిగా తాళం వేసి ఉంచుతానని, తల్లిదండ్రుల అంగీకార పత్రంలో రెండోసారి మాట్లాడొచ్చన్న వాక్యం కూడా చేరుస్తానని చెప్పింది. ఇంటర్వ్యూలు మార్కులొచ్చిన రెండు మూడు వారాల్లోపే పెట్టుకోమన్నాను. దసరా సెలవులు దాటితే ఏ సాయంత్రం ఏం చేశారో పిల్లలకు గుర్తుండదు.