ఫుట్‌బాల్ తొలి నియమాలు: అపోహలు - వాస్తవాలు

కొత్త రిఫరీలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఆట చరిత్ర ప్రస్తావన వస్తే ఈ మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. 1863లో ఇంగ్లండ్‌లోని ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదించిన 13 నియమాలను ఓపికగా చదివితే ఇవేవీ నిలబడవు.

అపోహ: 1823లో రగ్బీ స్కూల్లో విలియం వెబ్ ఎలిస్ అనే కుర్రాడు బంతి పట్టుకుని పరుగెత్తాడు, అలా ఫుట్‌బాల్ నుంచి రగ్బీ విడిపోయింది.

వాస్తవం: విడిపోవడానికి అప్పటికి ఒకే ఆట అంటూ లేదు. ఇంగ్లండ్‌లో ఒక్కో పాఠశాలది ఒక్కో తీరు. విశాలమైన పచ్చిక ఉన్న రగ్బీ స్కూల్లో ఒకరిమీద ఒకరు పడి ఆడేవారు. చార్టర్‌హౌస్ పిల్లలు పాత రాతి వసారాల్లో ఆడేవారు కాబట్టి బంతిని కాళ్లతో నడిపించడంలో ఆరితేరారు. రగ్బీ విద్యార్థులు 1845లో తమ నియమాలను రాసుకున్నారు. ఎలిస్ కథ అతను చనిపోయిన నాలుగేళ్లకు, 1876లో బయటికొచ్చింది. చెప్పినాయన దాన్ని కళ్లారా చూడలేదు.

అపోహ: 1863లో నియమాలు రాసేటప్పుడు గొడవంతా చేతులతో ఆడాలా వద్దా అన్నదే.

వాస్తవం: ఆ ఏడాది అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో క్లబ్బులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించాయి. కార్యదర్శి ఎబెనెజర్ మోర్లీ సిద్ధం చేసిన ముసాయిదాలో బంతితో పరుగెత్తడానికీ, హ్యాకింగ్‌కూ అనుమతి ఉంది. హ్యాకింగ్ అంటే ప్రత్యర్థి మోకాలి కింది ఎముకపై తన్నడం. తర్వాత కేంబ్రిడ్జ్‌లో తయారైన నియమాలను చూసి, డిసెంబరులో ఆ రెండింటినీ కొట్టేశారు. బ్లాక్‌హీత్ క్లబ్ ప్రతినిధి క్యాంప్‌బెల్ ఎక్కువగా పట్టుబట్టింది హ్యాకింగ్ కోసమే. అది పోతే ఆటలో ధైర్యసాహసాలే ఉండవన్నాడు. చివరికి ఆ క్లబ్ తప్పుకుంది. విచిత్రం ఏమిటంటే, 1871లో ఏర్పడిన రగ్బీ యూనియన్ కూడా హ్యాకింగ్‌ను నిషేధించింది.

అపోహ: ఆ నియమాలతో ఇప్పటి ఫుట్‌బాల్ సిద్ధమైపోయింది.

వాస్తవం: నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆ నియమాల ప్రకారం ఒక దాడిని ఊహించండి. ముందుకు తన్నిన బంతిని, తన్నినవాడికన్నా ముందున్న సహచరుడు తాకకూడదు, వాడు ఆఫ్‌సైడ్. అందుకే బంతి ఉన్నవాడు కాళ్లతో నడిపించుకుంటూ పోతే మిగతావారు వెనుక వస్తారు. ప్రత్యర్థి తన్నిన బంతిని ఎవరైనా గాలిలోనే పట్టుకుని, వెంటనే మడమతో నేలపై గుర్తు పెడితే ఫ్రీ కిక్ దక్కుతుంది. అయితే బంతిని మోసుకెళ్లకూడదు, విసరకూడదు. బంతి గోల్ లైన్ దాటాక దాన్ని ఎవరు మొదట తాకారన్నది ముఖ్యం. దాడి చేసే జట్టువాడైతే, లైన్‌కు 15 గజాల దూరం నుంచి గోల్‌వైపు ఒక ఉచిత తన్ను ఇస్తారు. రగ్బీలో బంతిని గోల్ లైన్ అవతల నేలకు తాకించే ‘ట్రై’ తర్వాత నేటికీ తన్నే కిక్కుకు ఇది దగ్గరి చుట్టం. గోల్ స్తంభాల మధ్య 8 గజాలు; పైన అడ్డకర్ర లేదు, కాబట్టి ఎంత ఎత్తున పోయినా గోలే. గోల్ పడ్డాక జట్లు వైపులు మారతాయి. రిఫరీ ఊసే లేదు, గోల్‌కీపర్ మాటా లేదు.

బంతిని గాలిలో పట్టి ఫ్రీ కిక్ పొందే హక్కు 1866లో పోయింది. గోల్‌కీపర్‌కు మాత్రమే చేతులు వాడే వీలు 1871లో నియమంగా వచ్చింది.