రీసెట్ చేసిన ఫోన్ పాత అకౌంట్ ఎందుకు అడుగుతుంది? అపోహలు - వాస్తవాలు

"అన్నా, వాళ్లు రీసెట్ చేసే ఇచ్చారు. అయినా వాళ్ల జీమెయిల్ అడుగుతోంది." ఫోన్ల రిపేర్ పనిలో ఉన్నవాళ్లకు ఇది బాగా అలవాటైన మాట. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇరుక్కున్నాక తెలిసినవాళ్లంతా తలో సలహా ఇస్తారు. వాటిలో సగం తప్పు, కొన్ని ప్రమాదకరం కూడా.

అపోహ: రీసెట్ చేశారంటే ఫోన్ క్లీన్ అయిపోయినట్టే.

ఎక్కువమందిని ముంచేది ఇదే, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

రీసెట్ రెండు దారుల్లో చేయొచ్చు. ఒకటి, ఫోన్ లాక్ తీసి సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేసేది. అక్కడ పిన్ గానీ ప్యాటర్న్ గానీ అడుగుతుంది కాబట్టి, చేస్తున్నది యజమానే అని ఫోన్‌కు తెలుస్తుంది. రెండోది, ఫోన్ ఆఫ్ చేసి పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రికవరీ మోడ్‌లో చేసేది. దీనికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు, దొంగ కూడా చేయగలడు. అందుకే 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ తెచ్చింది. మేం పనిలో ఎఫ్‌ఆర్‌పి లాక్ అంటాం.

ఫోన్‌లో గూగుల్ అకౌంట్, స్క్రీన్ లాక్ రెండూ ఉంటే ఈ రక్షణ దానంతటదే ఆన్ అవుతుంది. ఆ అకౌంట్‌కు సంబంధించిన చిన్న గుర్తు, మన ఫొటోలూ యాప్‌లూ ఉండే చోట కాకుండా స్టోరేజ్‌లో వేరే భాగంలో ఉంటుంది. రికవరీ రీసెట్ మన డేటానంతా తుడిచేస్తుంది కానీ ఆ భాగాన్ని ముట్టుకోదు. అందుకే ఫోన్ కొత్తదానిలా పలకరిస్తుంది, భాష ఎంచుకోమంటుంది, వైఫై అడుగుతుంది. నెట్ కలిశాక Verify your account అంటుంది, లేదా పాత పిన్ ఇవ్వమంటుంది.

కొనేవాళ్లు మోసపోయేది మొదట కనిపించే ఆ వెల్‌కమ్ స్క్రీన్ దగ్గరే. అది చూసి డబ్బులిచ్చేస్తారు. లాక్ ఉందో లేదో ఆ స్క్రీన్ చెప్పదు.

ఒకాయన కేసు చెబుతాను. అమ్మినవాళ్లు మంచివాళ్లే. అది వాళ్లమ్మగారి ఫోన్. ఆవిడ ప్యాటర్న్ మర్చిపోతే కొడుకు రికవరీలో రీసెట్ చేసి అమ్మేశాడు. కొన్నాయన ఇంటికెళ్లి ఆన్ చేస్తే అకౌంట్ అడిగింది. దొంగ ఫోన్ కొన్నానేమో, పోలీసులు వస్తారేమో అని రాత్రంతా టెన్షన్ పడి మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. అమ్మినవాళ్లకు ఫోన్ చేయించాను. ఆవిడకు ఈమెయిల్ గుర్తుంది, పాస్‌వర్డ్ గుర్తులేదు. రికవరీ నంబర్ ఆవిడ దగ్గరే ఉంది కాబట్టి పాస్‌వర్డ్ మార్చుకోగలిగారు. అయితే మార్చిన వెంటనే ఫోన్ ఒప్పుకోకపోవచ్చు. పాస్‌వర్డ్ మార్చాక రీసెట్ చేయడానికి 24 గంటలు ఆగమని గూగులే చెబుతుంది. ఒకరోజు ఆగి, ఆవిడ కొడుకే వచ్చి పాస్‌వర్డ్ టైప్ చేశాడు, ఫోన్ తెరుచుకుంది.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. కానీ అలా సైన్ ఇన్ అయితే పాత అకౌంట్ మళ్లీ ఫోన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని తీసేసి, సెట్టింగ్స్ నుంచి ఇంకోసారి రీసెట్ చేసి, అప్పుడు ఆయన అకౌంట్ పెట్టించాను.

ఫోన్ కొనేటప్పుడు పద్ధతి ఇలా ఉండాలి. రీసెట్ చేసి తీసుకురావద్దని, వాడుతున్నది వాడుతున్నట్టే తెమ్మని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. మీ ఎదురుగానే వాళ్లు సెట్టింగ్స్‌లో అకౌంట్ల జాబితా తెరిచి, అందులో ఉన్న గూగుల్ అకౌంట్లన్నిటికీ Remove account నొక్కాలి. ఒక్కటి కాదు, అన్నీ. ఫోన్ కంపెనీ సొంత అకౌంట్ ఉంటే, అంటే శాంసంగ్ అకౌంట్, షావోమీ అకౌంట్ లాంటివి, అవి కూడా తీసేయాలి. వాటి లాక్ వేరు, గూగుల్ లాక్ వేరు. తర్వాత స్క్రీన్ లాక్ None చేసి, సెట్టింగ్స్‌లోంచే Erase all data నొక్కాలి. ఈ ఆప్షన్ ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కోచోట ఉంటుంది, సెట్టింగ్స్ సెర్చ్‌లో reset అని కొడితే దొరుకుతుంది. ఫోన్ మళ్లీ ఆన్ అయ్యాక మీ మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి, హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ చేయండి. డబ్బులు ఆ తర్వాతే.

ముందే రీసెట్ చేసిన ఫోన్ చేతికిస్తే కూడా పరీక్ష ఇదే. నెట్ లేకుండా ముందుకు పోనివ్వకపోతే అనుమానించండి, లాక్ ఉన్న ఫోన్ సాధారణంగా ఆ స్టెప్‌ను స్కిప్ చేయనివ్వదు. పాత అకౌంట్ గానీ పిన్ గానీ అడిగిందంటే బేరం అక్కడే ఆపేయండి. "ఇంటికెళ్లాక పాస్‌వర్డ్ పంపిస్తాను" అన్న మాట మీద డబ్బులివ్వొద్దు.

అపోహ: పాత ఓనర్ పాస్‌వర్డ్, ఓటీపీ ఫోన్‌లో చెప్పించుకుంటే సరిపోతుంది.

అడగొద్దు, చెప్పొద్దు. ఆ పాస్‌వర్డ్‌తో వాళ్ల మెయిల్, ఫొటోలు, అన్నీ తెరుచుకుంటాయి. వాళ్లే వచ్చి టైప్ చేయడం మంచిది. దూరంలో ఉంటే ఇంకో దారి ఉంది. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లున్న చాలా ఫోన్లలో అకౌంట్ బదులు ఆ ఫోన్ పాత స్క్రీన్ పిన్ ఇచ్చినా లాక్ తీస్తుంది. ఆ పిన్‌నే వాళ్లు ఇంకెక్కడా వాడకపోతే, చెప్పడంలో పెద్ద ప్రమాదం లేదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొట్టిస్తే పోతుంది.

మామూలుగా ఫర్మ్‌వేర్ ఫ్లాష్ చేసినా ఆ గుర్తు ఉండే భాగం చెరిగిపోదు. వీడియోల్లో చూపించే బైపాస్ ట్రిక్కులు ఏదో ఒక వెర్షన్‌లో ఉన్న లోపం మీద ఆధారపడేవి. అప్‌డేట్ రాగానే పనిచేయవు. ఆండ్రాయిడ్ 15లో అయితే సెటప్ స్క్రీన్‌ను ఎలాగో దాటేసినా లాక్ పోదు, కొత్త అకౌంట్ పెట్టనివ్వదు, యాప్‌లు ఎక్కించనివ్వదు. ఈ పేరుతో నెట్‌లో దొరికే టూల్స్ మీ కంప్యూటర్‌లో వేసుకోకండి, వాటిలో వైరస్ ఉండే అవకాశం ఎక్కువ. అసలు కొన్న బిల్లు చేతిలో ఉంటే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగండి. కొన్ని కంపెనీలు బిల్లు సరిచూసి లాక్ తీస్తాయి.

అపోహ: అకౌంట్ అడుగుతోందంటే పాత డేటా ఇంకా లోపలే ఉంది.

లేదు. అమ్మినవాళ్లు భయపడక్కర్లేదు, ఫొటోలూ మెసేజ్‌లూ రీసెట్‌తోనే పోయాయి. ఆ చిన్న గుర్తు పట్టుకుని ఎవరూ మీ అకౌంట్‌లోకి రాలేరు. కొన్నవాళ్లకు కూడా ఇదే చెబుతాను, అకౌంట్ అడిగినంత మాత్రాన అది దొంగ ఫోన్ అని కాదు.

అపోహ: అమ్మినాయన తన గూగుల్ పేజీలో డివైస్‌ను తీసేస్తే లాక్ పోతుంది.

ఐఫోన్‌కు పాత ఓనర్ దూరం నుంచే లాక్ తీయగలడు కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో దాన్ని నమ్ముకోవద్దు. అక్కడ సైన్ అవుట్ చేస్తే అకౌంట్‌కు ఆ ఫోన్ దూరమవుతుంది, ఫోన్‌లో ఉన్న గుర్తు చెరిగిపోతుందన్న హామీ లేదు. దూరం నుంచి ఫోన్‌ను ఎరేజ్ చేసినా అంతే, ఆ తర్వాత కూడా అకౌంట్ అడుగుతుంది.

ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ అయితే పార్సిల్ వచ్చిన రోజే వైఫైకి కలిపి హోమ్ స్క్రీన్ దాకా సెటప్ చేసేయండి. లాక్ కనిపిస్తే ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపండి.