నష్టమే కదా, రిటర్న్ ఎప్పుడు వేస్తే ఏం? – వ్యాపార నష్టాలపై అపోహలు, వాస్తవాలు

గడువు దాటిన మర్నాటి నుంచి మా ఆఫీసుకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, ఈ ఏడు షాపు నష్టాల్లోనే నడిచింది. పన్ను కట్టేదేం లేదు కాబట్టి రిటర్న్ సంగతి పట్టించుకోలేదు. డిసెంబరు దాకా టైముందట కదా?" ఈ "అట" ఎక్కడ పుడుతుందో తెలియదు కానీ, నేను చూసినంతలో చిన్న వ్యాపారుల జేబుకు ఇంతగా చిల్లు పెట్టిన పుకారు మరొకటి లేదు.

అపోహ: పన్ను లేనప్పుడు రిటర్న్ ఆలస్యమైనా ఫర్వాలేదు.

డిసెంబరు 31 దాకా వేయగలిగేది ఆలస్యపు రిటర్న్. దాన్ని పోర్టల్ తీసుకుంటుంది. కానీ వ్యాపార నష్టాన్ని వచ్చే ఏళ్లకు తీసుకెళ్లాలంటే అసలు గడువులోపే రిటర్న్ వేసి ఉండాలి. 1961 చట్టంలో సెక్షన్ 80 చెప్పేది ఇదే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ షరతు మారలేదు. గడువు తేదీ మాత్రం ఆడిట్ ఉన్నవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. ఏటా ఒకసారి చూసుకోవాలి.

గుంటూరు దగ్గర ఫర్నిచర్ షాపు పెట్టినాయన ఒకరు 2025లో మా దగ్గరికి వచ్చారు. పేరెందుకులెండి. షాపు తెరిచింది 2022-23లో. అద్దె, జీతాలు, అమ్ముడుపోని సోఫాలు అన్నీ కలిపి మొదటి ఏడాది 9 లక్షల నష్టం. అందులో 1.5 లక్షలు షాపు ఇంటీరియర్, డెలివరీ వ్యాను మీద వేసిన తరుగుదల. మిగతా 7.5 లక్షలు అసలు వ్యాపార నష్టం. ఆడిట్ అవసరం లేని కేసు. గడువు 2023 జులై 31. ఈయన నెట్ సెంటర్‌లో రిటర్న్ వేయించింది ఆగస్టు రెండో వారంలో.

"ఫైన్ కూడా పడలేదండీ, అంతా ఓకే అనుకున్నా" అన్నారు. నిజమే, పడదు. మొత్తం ఆదాయం కనీస పరిమితి దాటకపోతే ఆలస్య రుసుము ఉండదు. మనిషి మోసపోయేది సరిగ్గా అక్కడే. ఫైనూ లేదు, నోటీసూ లేదు. పోయింది ఏమిటో లాభం వచ్చిన ఏడాదికి గానీ తెలియదు.

తర్వాతి ఏడాది, 2023-24లో 2 లక్షల లాభం. 2024-25లో వ్యాపారం పుంజుకుని 14 లక్షలు. కొత్త పన్ను విధానంలో ఆ 14 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 1,24,800 రూపాయలు.

ఇదే రిటర్న్ 2023 జులైలో వేసి ఉంటే లెక్క వేరు. 7.5 లక్షల నష్టంలో 2 లక్షలు 2023-24 లాభానికి పోయేవి. మిగిలిన 5.5 లక్షలు 2024-25కి వచ్చేవి. 14 లక్షల్లోంచి ఆ 5.5 తీసేస్తే 8.5 లక్షలు. వ్యాపార నష్టం తర్వాత వంతు పాత తరుగుదలది. అది 1.5 లక్షలు. చివరికి నికరంగా 7 లక్షలు. ఆ ఏడాది 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. పది పన్నెండు రోజుల బద్ధకం ఖరీదు లక్షా పాతిక వేలు.

తరుగుదల భాగం మాత్రం ఆలస్యమైనా పోదు. దానికి గడువు షరతు లేదు, వ్యాపార నష్టానికున్న ఎనిమిదేళ్ల పరిమితీ లేదు. ఆయనకు ఆ 1.5 లక్షలు దక్కింది, కానీ 2023-24లోని 2 లక్షల లాభానికే సరిపోయింది. అసలే పన్ను పడని లాభం మీద ఖర్చయిపోయింది.

సరే, గడువులోపే అప్‌లోడ్ చేశాం అనుకునేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయకపోతే, వెరిఫై చేసిన తేదీనే రిటర్న్ వేసిన తేదీగా తీసుకుంటారు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు మారిపోయి, ఓటీపీ రాక, "తర్వాత చూద్దాంలే" అని వదిలేసినవాళ్లు మా దగ్గరికి ఏటా వస్తారు. జులైలో వేసిన రిటర్న్ కాస్తా సెప్టెంబరు రిటర్న్ అయిపోతుంది.

మీ నష్టం బతికే ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. పోర్టల్ నుంచి ఆ ఏడాది రిటర్న్ పీడీఎఫ్ దించుకుని Schedule CFL అన్న పేజీ తెరవండి. ఏ ఏడాది ఎంత నష్టం, ఆ రిటర్న్ ఏ తేదీన వేశారు అన్నది అక్కడ ఉంటుంది. దాని పక్కన, రిటర్న్ పరిశీలించాక శాఖ పంపే 143(1) ఇంటిమేషన్ పెట్టుకుని రెండు అంకెలూ ఒకటేనా చూడండి.

అపోహ: నష్టాన్ని దాచుకుని, పెద్ద లాభం వచ్చిన ఏడాది వాడుకోవచ్చు.

కుదరదు. మొదట వచ్చిన వ్యాపార లాభానికే అది సర్దుబాటు కావాలి. పై లెక్కలో పన్నే పడని 2 లక్షల లాభానికి 2 లక్షల నష్టం కరిగిపోయింది చూడండి, అది మన ఇష్టంతో పని లేకుండా జరిగేదే. అసెస్‌మెంట్ ఇయర్ అంటే వ్యాపారం నడిచిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది. సర్దగా మిగిలినదానికి గడువు, నష్టం వచ్చిన అసెస్‌మెంట్ ఇయర్ తర్వాత ఎనిమిది అసెస్‌మెంట్ ఇయర్లు. ఈయన నష్టం నిలిచి ఉంటే 2031-32 అసెస్‌మెంట్ ఇయర్ దాకా పనికొచ్చేది.

అపోహ: షాపు మూసేస్తే నష్టం కూడా పోయినట్టే.

ఫర్నిచర్ షాపు మూసి టిఫిన్ సెంటర్ పెట్టినా పాత నష్టం కొత్త లాభానికి సర్దుకోవచ్చు. అదే వ్యాపారం నడవాలన్న షరతు ఎప్పుడో తీసేశారు. నష్టపోయిన మనిషే లాభం పొందాలి, అంతే. తమ్ముడి పేరు మీద పెట్టిన షాపుకు మీ నష్టం వెళ్లదు.

జీతం సంగతి చాలామంది అడుగుతారు. వ్యాపార నష్టం జీతానికి సర్దడం ఏ ఏడాదీ కుదరదు. అద్దె, బ్యాంకు వడ్డీ లాంటివాటికి నష్టం వచ్చిన ఏడాదిలోనే సర్దుకోవచ్చు. ఏడాది దాటాక వ్యాపార లాభం తప్ప మరేదీ పనికిరాదు. షేర్లలో ఎఫ్ అండ్ ఓ నష్టం మామూలు వ్యాపార నష్టమే, ఎనిమిదేళ్లు. ఇంట్రాడే నష్టానికి నాలుగేళ్లే, అదీ స్పెక్యులేషన్ లాభానికి మాత్రమే. యూట్యూబులో ఏం చెప్పినా ఇంతే.

ఫారం విషయం మాత్రం మరవకండి. పాత నష్టం ఉన్నవాళ్లు ఐటీఆర్-4 వేయకూడదు, అందులో నష్టం చూపించే చోటే ఉండదు. తర్వాతి ఏళ్లలో, అమ్మకాల్లో కొంత శాతాన్ని లాభంగా లెక్కగట్టే 44ఏడీ కింద లాభం చూపిస్తున్నా ఐటీఆర్-3 వేయాల్సిందే. సులువుగా ఉందని ఐటీఆర్-4 వేసేసి నష్టం లైన్ తెగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పటికే ఆలస్యమైపోయి నిద్రపట్టనివాళ్లకు ఒక దారి ఉంది. సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి సీబీడీటీ సర్క్యులర్ 11/2024 ప్రకారం, ఆ అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన ఐదేళ్లలోపు పెట్టాలి. కోటి రూపాయల దాకా క్లెయిమ్‌ను ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. అయితే నిజమైన ఇబ్బంది వల్లే ఆలస్యమైందని చూపించాలి. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, మరణ ధృవీకరణ పత్రం, వరదలో షాపు మునిగిన ఫొటోలు, పోర్టల్‌లో ఎర్రర్ వచ్చిన స్క్రీన్‌షాట్ తేదీతో సహా ఉంటే మాట నిలబడుతుంది. మా ఫర్నిచర్ ఆయన దగ్గర ఇవేవీ లేవు. "మరిచిపోయా" అన్న కారణంతో పెట్టమంటారా అని అడిగారు. ఆ ఒక్క కారణం మీద గెలుస్తామని చెప్పలేనన్నాను. ఆయన లక్షా ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలూ కట్టారు.