అర్జునా, ఫల్గుణా అనేలోపు ఉరుము ఎంత దూరం వస్తుంది?

మే నెలలో నూజివీడు వైపు మామిడి తోటల్లో ఉండేవాళ్లకు ఈ సాయంత్రాలు బాగా తెలుసు. మధ్యాహ్నమంతా ఆకు కదలదు, చెమట ఆరదు. నాలుగు దాటేసరికి పడమట నల్లటి మబ్బు లేస్తుంది. పొద్దుగూకే వేళకు అందులో ఒక మెరుపు, కాసేపటికి ఉరుము. ఉరుము వినగానే మా నాయనమ్మ చేతిలో పని ఆపేసి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ, శ్వేతవాహనా, బీభత్సా, విజయా, కృష్ణా, సవ్యసాచీ, ధనంజయా" అని పది పేర్లూ వరసగా చదివేది. పిల్లలం మేమూ గొంతు కలిపేవాళ్లం.

అవే పేర్లను ఉరుము విన్నాక కాకుండా మెరుపు కనబడగానే మొదలుపెడితే, ఆ పిడుగు మనకు ఎంత దూరంలో ఉందో లెక్క తేలుతుంది. సెకనుకు ఒక పేరు చొప్పున నింపాదిగా చదవాలి. పార్థా దగ్గర ఉరిమితే సుమారు ఒక కిలోమీటరు. బీభత్సా దగ్గరైతే రెండు. ధనంజయా దాకా వెళ్లాక ఉరిమితే మూడు దాటింది. ఇంకా వినబడకపోతే మళ్లీ అర్జునా నుంచి ఎత్తుకోవచ్చు. మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో దాన్ని మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి.

ఇందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మెరుపు మెరిసిన క్షణాన్నే "ఒకటి" అనేస్తారు. ఆ క్షణం సున్నా. మొదటి పేరు సెకను గడిచాక రావాలి. మీ నోటి వేగం సరిగ్గా ఉందో లేదో గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ ముందే ఒకటి రెండుసార్లు చదివి చూసుకోండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరైనా తొందరగానే చదువుతారు.

అసలు ఈ ఆలస్యం ఎందుకు? మెరుపూ ఉరుమూ పుట్టేది ఒకేసారి, ఒకే చోట. పిడుగు గాలిలో నడిచే దారి మన బొటనవేలంత లావు కూడా ఉండదని అంచనా. ఆ సన్నటి దారిలో విద్యుత్తు పారగానే, సెకనులో లక్షో వంతు కూడా గడవకుండానే, అక్కడి గాలి దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు, అంటే దానికి అయిదు రెట్లు. అంత వేడెక్కిన గాలి వ్యాకోచించాలి, కానీ మెల్లగా జరగడానికి దానికి వ్యవధి లేదు. చుట్టూ ఉన్న గాలిని ఒక్క దెబ్బతో నెడుతుంది. ఆ దెబ్బే ఉరుము. పుట్టిన చోట అది ధ్వని కంటే వేగంగా దూసుకుపోయే తాకిడి. కొన్ని మీటర్లు దాటేసరికి నెమ్మదించి మామూలు ధ్వని అయిపోతుంది.

అక్కడి నుంచి రెండూ మన వైపు బయల్దేరతాయి. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. పది కిలోమీటర్లు రావడానికి దానికి సెకనులో ముప్పైవేల వంతు చాలు కాబట్టి లెక్కలో దాన్ని వదిలేయవచ్చు. మనం చూసిన క్షణమే పిడుగు పడిన క్షణం. ధ్వని మాత్రం గాలిలో ఒక అణువు ఇంకో అణువును తోస్తూ రావాలి. 30 డిగ్రీల వేడి ఉన్న సాయంత్రం దాని వేగం సెకనుకు 349 మీటర్లు. అంటే కిలోమీటరు దాటడానికి 2.9 సెకన్లు. మూడుతో భాగించడం ఇక్కడి నుంచే వచ్చింది.

ఇదే లెక్కను తిరగేసి 1738లో పారిస్ సైన్స్ అకాడమీవాళ్లు ధ్వని వేగాన్ని కొలిచారు. దూరం ముందే తెలిసిన రెండు గుట్టల మధ్య రాత్రిపూట ఫిరంగి పేల్చి, మంట కనబడిన క్షణానికీ మోత వినబడిన క్షణానికీ మధ్య కాలాన్ని లెక్కపెట్టారు. వాళ్లకు దూరం తెలుసు, వేగం తెలియదు. మనకు వేగం తెలుసు, దూరం తెలియదు.

గాలి చల్లబడితే ధ్వని కాస్త నెమ్మదిస్తుంది, డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున. 20 డిగ్రీల దగ్గర 343 మీటర్లు. మన వేసవి సాయంత్రాల్లో మూడుతో భాగిస్తే అసలు దూరం కంటే నూటికి నాలుగైదు తక్కువ వస్తుంది. ఈ తప్పు మనకు మేలు చేసేదే, పిడుగు ఉన్నదానికంటే దగ్గరగా ఉందనుకుంటాం. ఎదురుగాలి, వెనకగాలి వల్ల వచ్చే తేడా కూడా ఇంతకు మించదు.

ఇప్పుడు ఒక సాయంత్రం సంగతి. తోటలో పెంకుటింటి పక్కన కట్టిన స్లాబు గదిలో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ నేనూ మా చిన్నాన్న లెక్కపెట్టాం. ఆరూ పదికి వాయవ్యం మూల ఒక మెరుపు. 27 సెకన్లకు ఉరిమింది. తొమ్మిది కిలోమీటర్లు. ఆరూ ఇరవైకి అదే దిక్కున ఇంకో మెరుపు, ఈసారి 15 సెకన్లు. అయిదు కిలోమీటర్లు. పది నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లు తగ్గింది, అంటే గంటకు 24 కిలోమీటర్ల వేగంతో గాలివాన మా మీదికి వస్తోంది. ఇంకో పన్నెండు నిమిషాల్లో ఇక్కడుంటుందని చిన్నాన్న తేల్చాడు.

ఆరూ ఇరవై ఎనిమిదికి నడినెత్తిన ఆకాశమంతా తెల్లగా వెలిగింది. గీత ఏమీ కనబడలేదు, మబ్బు లోపల దీపం పెట్టినట్టు ఉంది. లెక్కపెట్టాం. 16 సెకన్లు. "ఇదేంట్రా, అయిదు కిలోమీటర్లకు పైనే! వెనక్కి పోయిందా? ఈలోపు వెళ్లి బుట్టలు లోపల పెట్టొస్తా" అని చిన్నాన్న లేచాడు. నేను చెయ్యి పట్టి ఆపాను. ఎందుకంటే ఆ అయిదు కిలోమీటర్లు పక్కకు కాదు, పైకి. మెరుపుల్లో ఎక్కువ భాగం నేలను తాకవు, మబ్బు లోపలే ఒక చోట నుంచి ఇంకో చోటికి పాకుతాయి. ఉరుములు పుట్టించే మేఘం పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా కూడా లేస్తుంది. దాని కడుపులో, మన తల మీద అయిదు కిలోమీటర్ల ఎత్తున మెరిసినా ఉరుము చేరడానికి 15 సెకన్లు పడుతుంది. సెకన్ల లెక్క మనకు చెప్పేది మెరుపు ఎంత దూరంలో ఉందో మాత్రమే. ఎటువైపో చెప్పదు, గాలివాన అంచు ఎక్కడుందో అసలే చెప్పదు. మరో నిమిషానికి చల్లగాలి విసిరి కొట్టింది, కాయలు టపటపా రాలాయి. ఏడో నిమిషంలో పక్క తోటలో పిడుగు పడింది. ఒక్క సెకను కూడా లేదు.

అంత దగ్గరగా పడినప్పుడు ఉరుము గొంతు వేరు. కొరడా ఛెళ్లుమన్నట్టు ఒకే ఒక్క చప్పుడు వస్తుంది. దూరపు ఉరుము మాత్రం గుండ్రాయి దొర్లినట్టు సాగుతుంది. కారణం పిడుగు దారి పొడవే. అది ఒక చుక్క కాదు, వంకర్లు తిరిగిన కిలోమీటర్ల పొడవైన తీగ లాంటిది. తీగ మొత్తం ఒకేసారి మోగుతుంది, కానీ దగ్గరి కొస చప్పుడు ముందు వస్తుంది, దూరపు కొసది చివర వస్తుంది. నాకు ఈ విషయం తెలిసినప్పటి నుంచి ఉరుము మొదలైన క్షణంతో పాటు ఆగిన క్షణాన్నీ లెక్కపెట్టడం అలవాటైంది. ఆరు సెకన్లకు మొదలై పద్దెనిమిదో సెకనుకు ఆగిందనుకోండి. దగ్గరి కొస రెండు కిలోమీటర్ల దూరంలో, దూరపు కొస ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే ఆ మెరుపు తక్కువలో తక్కువ నాలుగు కిలోమీటర్లు పాకింది. మైదానంలో ఈ లెక్క బాగా కుదురుతుంది. కొండల మధ్య ప్రతిధ్వనులు చేరి ఉరుము ఇంకా సాగుతుంది కాబట్టి కుదరదు.

లెక్క పూర్తిగా తప్పేది మాత్రం మెరుపులు ఒకదాని మీద ఒకటి వస్తున్నప్పుడు. అయిదు సెకన్లకొక మెరుపు, 15 సెకన్లకు ఉరుము అనుకుందాం. అప్పుడు ఏ క్షణంలోనైనా మూడు ఉరుములు దారిలో ఉంటాయి. నాలుగో మెరుపు చూడగానే మొదటిదాని ఉరుము వినబడితే, ఆ రెంటినీ ముడిపెట్టి "ఇక్కడే పడింది" అనుకుంటాం. అలాంటప్పుడు కాస్త విరామం వచ్చేదాకా ఆగి, ఒంటరిగా వచ్చిన మెరుపునే లెక్కపెట్టాలి. లేదా కిటికీలోంచి ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. మెరుపులు సమాన వ్యవధుల్లో రాకపోయినా ఒకే రకం తేడా వరసగా నాలుగైదు జతలకు వస్తే ఆ జత సరైనదే.

దూరానికి హద్దు కూడా ఉంది. ఉరుము మామూలుగా పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటి వినబడదు. చప్పుడు పలచబడటం ఒక్కటే కారణం కాదు. నేల దగ్గర గాలి వేడిగా, పైన చల్లగా ఉంటుంది. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి కిందిభాగం ముందుకు పరుగెత్తి, అల మొత్తం పైకి వంగిపోతుంది. కొంత దూరం దాటాక ఉరుము మన నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. వేసవి రాత్రుల్లో దూరాన చప్పుడు లేకుండా మెరిసే మెరుపులు అవే. అవి వేడికి వచ్చే వేరే రకం మెరుపులని మా ఊళ్లో అంటారు గానీ, ఆ మెరుపుల కింద ఉన్న ఊళ్లో ఉరుములు దద్దరిల్లుతూనే ఉంటాయి.

దీన్ని బట్టే పొలంలో ఉన్నవాళ్లకు ఒక లెక్క పెట్టారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే, అంటే పిడుగు పది కిలోమీటర్లలో ఉంటే, పని వదిలేసి స్లాబు ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. పది కిలోమీటర్లు చాలా దూరం అనిపిస్తుంది. కానీ పిడుగు మేఘం పక్కగా బయటికి వచ్చి, చినుకు కూడా పడని చోట అంత దూరం వెళ్లి పడిన సందర్భాలున్నాయి. ఒక పిడుగుకూ తర్వాతి పిడుగుకూ మధ్య అయిదారు కిలోమీటర్ల దూరం ఉండటం సాధారణమే. చెట్టు కింద నిలబడితే చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. మామిడి తోటలో ఇది ఎవరికైనా చెప్పడం కష్టమే, వాన మొదలవగానే కాళ్లు చెట్టు వైపే లాగుతాయి. లెక్కపెట్టడం కూడా లోపలికి వెళ్లాకే. తేడా ఎంతో తెలియకపోయినా ఉరుము వినబడిందంటే మీరు ఇప్పటికే దానికి అందే దూరంలో ఉన్నట్టు.

చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలనేది అందులో రెండో సగం. ఆ రోజు మాకు ఏడింటికి తేడా 12 సెకన్లు, ఏడుంబావుకు 24, ఏడూ ఇరవై అయిదుకు 36. దాని తర్వాత ఆగ్నేయాన మెరుపులు కనబడ్డాయి గానీ చప్పుడు రాలేదు. చిన్నాన్న ఏడూ యాభై అయిదు దాకా గుమ్మంలోనే కూర్చుని, గడియారం చూసుకుని, టార్చిలైటు తీసుకుని రాలిన కాయలు ఏరడానికి వెళ్లాడు.