డాక్టర్ల నిర్లక్ష్యం కేసులు: అపోహలు - వాస్తవాలు

ఆస్పత్రులకు సంబంధించిన నష్టపరిహారం దావాలు చూసే నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ఫైలు తెరవకముందే తీర్పు చెప్పేసి కూర్చుంటారు. "సార్, తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిన మనిషి స్ట్రెచర్ మీద బయటికొచ్చాడు, ఇంకేం రుజువు కావాలి?" అంటారు రోగి తరఫువాళ్ళు. డాక్టర్లదీ అంతే ధీమా: "మా ఫీల్డ్‌లో అందరం ఇలాగే చేస్తామండీ, కోర్టుకేం తెలుస్తుంది?" రెండూ తప్పే. క్రిమినల్ కేసు సంగతి వేరు, దాన్ని ఇక్కడికి తీసుకురాను. నేను మాట్లాడేది టార్ట్ గురించి, అంటే జరిగిన నష్టానికి డబ్బు అడిగే సివిల్ దావా గురించి.

అపోహ: రోగికి నష్టం జరిగిందంటే డాక్టర్ తప్పు చేసినట్టే.

కాదు. కోర్టు ముందుగా చూసేది డాక్టర్ ఏం చేశాడన్నది, రోగికి ఏమైందన్నది కాదు. దీనికి మూలం 1957లో ఇంగ్లండ్‌లో వచ్చిన బోలమ్ కేసు. ఒక మానసిక రోగికి కరెంట్ షాక్ చికిత్స ఇచ్చారు. కండరాలు సడలడానికి మందు వాడలేదు, కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకోనూ లేదు. షాక్‌కి ఒళ్ళంతా ఎగిసిపడి తుంటి దగ్గర ఎముకలు విరిగాయి. వినగానే నిర్లక్ష్యమే అనిపిస్తుంది కదా? కానీ ఆ రోజుల్లో డాక్టర్లలోనే రెండు వర్గాలున్నాయి. ఆ మందు ఇవ్వాలని కొందరు, ఆ మందుకే వేరే ప్రమాదం ఉందని కొందరు. పట్టుకోవాలని కొందరు, పట్టుకుంటేనే ఎముకలు విరుగుతాయని కొందరు. జడ్జి మెక్‌నైర్ జ్యూరీకి చెప్పింది స్థూలంగా ఇది: ఆ విద్యలో నైపుణ్యం, బాధ్యత ఉన్న డాక్టర్లలో ఒక వర్గం సరైనదని ఒప్పుకునే పద్ధతిలో వైద్యం చేస్తే, వేరే వర్గం కాదన్నంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. ఆస్పత్రే గెలిచింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఈ కొలమానాన్నే తీసుకుంది.

అంటే "వేరే ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ చూసి, నేనైతే ఇలా చేసేవాణ్ణి కాదన్నాడు సార్" అన్న మాట ఒక్కటే కేసు కాదు. "బాధ్యత గల ఏ డాక్టరూ ఇలా చేయడు" అని ఆయన సాక్ష్యం చెప్పగలడా అని నేను అడుగుతాను. చాలామంది నిపుణులు అక్కడే వెనక్కి తగ్గుతారు.

అపోహ: సరే, అయితే నలుగురు డాక్టర్లు వచ్చి "మేమూ ఇలాగే చేస్తాం" అంటే కోర్టు చేతులెత్తేయాల్సిందే.

బోలమ్ తర్వాత చాలా ఏళ్ళు నిజంగానే అలా నడిచింది, దాని మీద వచ్చిన విమర్శలో న్యాయముంది. 1997లో అప్పటి ఇంగ్లండ్ అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్, బోలితో అన్న పేరుతో వచ్చిన కేసులో ఇచ్చిన తీర్పు ఈ లెక్క మార్చింది. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తీర్పును రెండు పక్షాలూ తమకు అనుకూలంగా సగమే చదువుతాయి.

రెండేళ్ళ బాబు ఊపిరి ఇబ్బందితో ఆస్పత్రిలో ఉన్నాడు. 1984 జనవరిలో ఒక మధ్యాహ్నం రెండుసార్లు ఊపిరాడక అవస్థపడ్డాడు. రెండుసార్లూ నర్సు డాక్టర్‌కి ఫోన్ చేసింది, రెండుసార్లూ ఎవరూ రాలేదు. మధ్యలో బాబు కోలుకుని ఆడుకుంటూ కనిపించాడు. కాసేపటికే ఊపిరి ఆగింది, గుండె ఆగింది, మెదడు తీవ్రంగా దెబ్బతింది. డాక్టర్ రాకపోవడం తప్పేనని ఆస్పత్రి ఒప్పేసుకుంది. కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. అవ్వలేదు, ఎందుకంటే ఆ తప్పు వల్లే నష్టం జరిగిందని కూడా రుజువు చేయాలి. బాబును కాపాడగలిగింది ముందుగానే శ్వాసనాళంలోకి గొట్టం వేయడం ఒక్కటే. డాక్టర్ ఏమన్నదంటే, "నేను వచ్చినా గొట్టం వేసేదాన్ని కాదు." జడ్జి ఆ మాట నమ్మాడు.

దాంతో ప్రశ్న ఇలా తిరిగింది: వచ్చి కూడా గొట్టం వేయకపోతే, అది నిర్లక్ష్యం అయ్యేదా? బాబు తరఫున ఐదుగురు నిపుణులు వేయాల్సిందే అన్నారు, ఆస్పత్రి తరఫున ముగ్గురు అక్కర్లేదన్నారు. చిన్నపిల్లలకు అలా గొట్టం వేయడం ఇబ్బందీ ప్రమాదమూ లేని పని కాదు, పైగా మధ్యమధ్యలో బాబు బాగానే ఉన్నాడు అన్నది వాళ్ళ వాదన. ఇక్కడ తలలు లెక్కపెట్టరు, ఐదు పెద్దదా మూడు పెద్దదా అని చూడరు. తీర్పు రాసిన జడ్జి లార్డ్ బ్రౌన్-విల్కిన్సన్ అడిగింది వేరు: ఈ నిపుణులు ఒక పక్క ప్రమాదాన్నీ మరో పక్క ప్రయోజనాన్నీ తూచి చూశారా, తూచాక చేరిన నిర్ణయం తర్కానికి నిలబడుతుందా? నిలబడకపోతే ఎంత పేరున్న డాక్టర్ చెప్పినా కోర్టు పక్కన పెట్టొచ్చు. అయితే అలా పెట్టడం అరుదుగానే జరుగుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ ముగ్గురి మాట తర్కానికి నిలబడింది, బాబు పక్షం ఓడిపోయింది.

నాకు ఈ ఫలితం ఇప్పటికీ మింగుడుపడదు. డ్యూటీకి రాని డాక్టరే, వస్తే ఏం చేసి ఉండేదో తనే చెప్పి, ఆ మాట మీద గట్టెక్కడం ఏమిటి? కానీ నిపుణుల మాట తర్కానికి నిలబడుతుందా అన్న పరీక్ష మాత్రం సరైనదే. నిపుణుడిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు "మీ అనుభవం ఎన్నేళ్ళు" అని అడగడం దండగ. "ఈ పద్ధతి వల్ల తప్పే ప్రమాదం ఏమిటి, వచ్చే ప్రమాదం ఏమిటి, ఈ రోగి విషయంలో ఏది ఎక్కువ" అని అడగాలి. "మా డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఇంతేనండీ" తప్ప వేరే జవాబు రాకపోతే, బోలితో తీర్పు మీకు పనికొస్తుంది.

అపోహ: కొత్త డాక్టర్ కదా, కోర్టు కాస్త చూసీచూడనట్టు పోతుంది.

పోదు. కొలత మనిషి అనుభవానిది కాదు, అతను కూర్చున్న పోస్టుది. ఇంగ్లండ్‌లోనే వచ్చిన విల్‌షర్ కేసులో నెలలు నిండని శిశువుకి జూనియర్ డాక్టర్ ధమనిలో వేయాల్సిన గొట్టం సిరలో వేశాడు. అయినా అతను బయటపడ్డాడు, కొత్తవాడని కాదు, సీనియర్‌ని పిలిచి చూడమన్నాడు కాబట్టి. చూసి కూడా గమనించని సీనియర్ మీదికి తప్పు వెళ్ళింది.

అపోహ: కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టారు, ఇక అడగడానికేం లేదు.

సంతకం ఉంటే చాలదు, ఏం చెప్పి పెట్టించుకున్నారన్నది ముఖ్యం. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో, రిస్క్ చెప్పాలా వద్దా అన్న విషయానికి బోలమ్ కొలత వర్తించదంది. డయాబెటిస్ ఉన్న గర్భిణికి, కాన్పులో బిడ్డ భుజం అడ్డుపడే అవకాశం 9 నుంచి 10 శాతం ఉందని డాక్టర్ చెప్పలేదు, చెబితే అందరూ సిజేరియనే అడుగుతారని. ఆ రోగి స్థానంలో ఉన్న మామూలు మనిషికి ముఖ్యమనిపించే రిస్క్ అయితే చెప్పి తీరాలంది కోర్టు. మన దగ్గర అంత దూరం రాలేదు. 2008 సమీరా కోహ్లీ తీర్పు ప్రకారం, ఎంత చెప్పాలన్నది ఇంకా డాక్టర్లు సరైనదని ఒప్పుకునే పద్ధతిని బట్టే ఉంటుంది. కాకపోతే పరీక్ష కోసం ఇచ్చిన అనుమతితో ఆపరేషన్ చేసేస్తే కుదరదని అందులోనే తేల్చారు.

అపోహ: ఇవాళ్టి గైడ్‌లైన్ చూపిస్తే డాక్టర్ దొరికిపోతాడు.

కొలత వైద్యం జరిగిన నాటిది. 1947లో ఇంగ్లండ్‌లో ఇద్దరు రోగులకు వెన్నులో మత్తుమందు ఇస్తే నడుము కింది భాగం పడిపోయింది. మందు సీసాలను ఫినాల్ అనే క్రిమిసంహారక ద్రావణంలో నిల్వ చేశారు, గాజులో కంటికి కనబడని పగుళ్ళ గుండా అది లోపలికి దిగింది. అలా దిగవచ్చని అప్పటికి ఎవరికీ తెలియదు. 1954లో తీర్పు వచ్చేనాటికి అందరికీ తెలుసు, అయినా రోగులు ఓడిపోయారు. ఆ ప్రమాదం గురించి 1951లో ఒక పుస్తకం హెచ్చరించింది, ఆ తర్వాత ఎవరైనా అదే పని చేస్తే నిర్లక్ష్యమేనని ఆ కేసు విన్న జడ్జి లార్డ్ డెన్నింగ్ అన్నాడు. అందుకే గైడ్‌లైన్ పట్టుకొచ్చిన క్లయింట్‌ని నేను మొదట అడిగేది అది ఏ తేదీన వచ్చిందని, తర్వాత కేస్ షీట్‌లో ఆపరేషన్ తేదీ ఏమిటని.