అపోహలు – వాస్తవాలు: చేయబుద్ధి పుట్టేదాకా ఆగాలా?

పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల నుంచి నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి రోజు అనే మాట ఒక్కటే. "ఏం చేయబుద్ధి కావట్లేదండీ. మనసు కాస్త బాగుపడితే అన్నీ చేసుకుంటాను." డిప్రెషన్‌కు వైద్యం చేసే సైకాలజిస్టుగా నేను ఎక్కువసార్లు సరిచేయాల్సి వచ్చే అపోహ ఈ రెండో వాక్యంలోనే ఉంది.

అపోహ: ముందు మనసు బాగుపడాలి, తర్వాతే పని.

డిప్రెషన్‌లో ఇది చాలావరకు తిరగబడుతుంది. మనసు బరువెక్కినప్పుడు మనిషి పనులు, మనుషులు, బయటి గాలి ఒక్కొక్కటే తగ్గించుకుంటాడు. తగ్గించుకున్న ప్రతిసారీ కాసేపు ఊరటగా ఉంటుంది కాబట్టి అదే అలవాటవుతుంది. కానీ రోజులో కాస్త హాయినిచ్చే సందర్భాలు కూడా వాటితోపాటే పోతాయి. అవి పోయేకొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల్లో డిప్రెషన్‌ను ఈ కోణంలోనే వివరించాడు. దాని మీద పెరిగిన చికిత్సను బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. మనసు ఎలా ఉన్నా సరే, ముందే రాసుకున్న చిన్న పనిని రాసుకున్న వేళకు చేయడం ఇందులో ముఖ్యం.

ఎలా చేస్తామో ఒకరి విషయంలో చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఆయనకు 46 ఏళ్ళు, రొయ్యల రైతు. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి చెరువు మొత్తం పోయింది. మేత బాకీ మిగిలింది. ఒకప్పుడు తెల్లవారకముందే చెరువు గట్టు మీద ఉండే మనిషి, పదింటి దాకా ఫ్యాను కింద ఫోను చూస్తూ పడుకుంటున్నాడు. భార్య తీసుకొచ్చింది. గత రెండు వారాల గురించి అడిగే తొమ్మిది ప్రశ్నల పట్టికలో 27కి 17 వచ్చింది. ఇందులో అంకె ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత ఎక్కువ.

మొదటి వారం ఏమీ మార్చమనలేదు. రూళ్ళ నోటుబుక్కులో గంటగంటకూ ఏం చేశారో, మనసు 10కి ఎంతుందో రాయమన్నాను, అంతే. ఫోనుతో పడుకున్న గంటలన్నీ 1. కానీ రెండుచోట్ల అంకె మారింది. కరెంటు పోయి తెల్లారగట్ల అరుగు మీద కూర్చున్నప్పుడు 3. పక్కింటి కుర్రాడి సైకిలుకు చైను ఎక్కించినప్పుడు 4. వారమంతా ఒకేలా గడిచిందని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నోటుబుక్కు చూశాక ఆ నమ్మకం కాస్త సడలింది. డిప్రెషన్‌లో జ్ఞాపకం బాగున్న కాసిన్ని నిమిషాలనూ పట్టుకోదు, అందుకే అప్పటికప్పుడు రాయడం. రాత్రి పడుకోబోయే ముందు అన్నీ కలిపి రాస్తే అన్నీ 1లే వస్తాయి.

రెండో వారంలో తప్పు నాది. రోజూ ఉదయం ఐదింటికి కాలువ గట్టున అరగంట నడక అని రాసిచ్చాను. ఏడు రోజుల్లో ఒక్కరోజూ వెళ్ళలేదు. విడమరిచి అడిగితే అర్థమైంది. ఆ గట్టు దారిలో ఆయన ఎండిన చెరువుంది, దాటాక టీ కొట్టుంది, అక్కడ "ఎంత పోయిందండీ?" అని అడిగేవాళ్ళున్నారు. పని పెద్దది, దారి నొప్పిది. రాసుకున్న పని జరగకపోతే దాన్ని సోమరితనం అనుకోకూడదు. పనిని ఎక్కడ చిన్నది చేయాలో, ఏ అడ్డు తీయాలో వెతకాలి.

కొత్త పట్టికలో రెండే ఉన్నాయి. ఒకటి, ఆరున్నరకు భార్య ఇచ్చే కాఫీ మంచం మీద కాకుండా అరుగు మీద తాగడం, పది నిమిషాలు. రెండోది, మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఐదింటికి వెనక వీధిలోంచి కాలువ రేవుకు వెళ్ళి, పక్కింటి కుర్రాడితో కలిసి గాలం వేయడం, ఇరవై నిమిషాలు. చిన్నప్పుడు గాలం అంటే ఇష్టమని మాటల్లో చెప్పాడు. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో అన్నవి నాలుగూ కాగితం మీద ఉండాలి. "వీలున్నప్పుడు వెళ్తాను" అని రాసింది దాదాపు జరగదు. ఎర తవ్వి ఉంచడం కుర్రాడి పని. ఐదింటికి వాడు వచ్చి "బాబాయ్, వెళ్దామా?" అని పిలుస్తాడు కాబట్టి ఆయన మనసుతో వాదించుకోనక్కరలేదు.

బయల్దేరే ముందు హాయి ఎంత ఉంటుందో ఊహించి రాయమన్నాను, వచ్చాక నిజంగా ఎంత ఉందో రాయమన్నాను. మొదటి మంగళవారం ఊహ 0, వచ్చాక 2. గురువారం వాన, వెళ్ళలేదు. శనివారం ఊహ 1, వచ్చాక 4. చేప మాత్రం పడలేదు. మనసు ముందుగా చెప్పే అంచనా తప్పని నేను వంద మాటలు చెప్పినా ఆయన నమ్మేవాడు కాదు. తన చేతిరాతలో ఉన్న అంకెల్ని కాదనలేకపోయాడు.

అపోహ: చేశాను, ఆనందం రాలేదు. కాబట్టి ఇది నాకు పనిచేయదు.

మొదట్లో ఆనందం రాకపోవడమే మామూలు. 1 కాస్తా 2 కావడం చూస్తున్నాం, పండగ సంబరం కోసం చూడటం లేదు. ఒక్క పనితో తేల్చకుండా రెండు మూడు వారాల అంకెలు కలిపి చూడాలి. చేస్తున్నంతసేపూ బుర్రలో బాకీ లెక్కలు తిరుగుతుంటే అంకె కదలదు. అలాంటప్పుడు చేతికి, కంటికి పని ఉండేది ఎంచుకోవాలి. నీళ్ళ మీద తేలే గాలం బెండు మీద చూపు నిలపాల్సి ఉండటం ఆయనకు అందుకే పనికొచ్చింది.

అపోహ: అంటే ఏదో ఒక పనిలో బిజీగా ఉండమనే కదా?

కాదు. పొద్దంతా ఇంటి చాకిరీలో మునిగి కూడా డిప్రెషన్‌లో ఉన్న ఆడవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను. వాళ్ళ పట్టికలో పనులు పెంచితే హాని. తమకంటూ హాయినిచ్చేది ఒకటి చేర్చాలి, దానికోసం ఇంట్లోవాళ్ళు ఒక పని తీసుకోవాలి. హాయితోపాటు "ఇది చేశాను" అన్న తృప్తినిచ్చే పని కూడా కావాలి. మన రైతు నాలుగో వారంలో మేత బాకీ చీటీలన్నీ ఒక కవర్లో పెట్టాడు. ఆ రోజుకి అంతే పని. మొత్తం కూడటం మర్నాడు, షాపాయనకు ఫోను ఆ తర్వాతి వారం. కవర్లో పెట్టిన రోజు హాయి 1, తృప్తి 5.

అపోహ: ఇంత చిన్న విషయాలు అసలు డిప్రెషన్‌కు ఏం పనిచేస్తాయి?

గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, డిప్రెషన్ బాగా ఎక్కువగా ఉన్న దాదాపు 500 మంది మీద చేసిన పరిశోధన 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 విడతల్లో ప్రధానంగా ఈ పద్ధతినే చేయించారు. మామూలు వైద్యంతో పోలిస్తే మూడు నెలలకు ఎక్కువమంది కోలుకున్నారు.

అయితే హద్దులున్నాయి. తిండి, నిద్ర పూర్తిగా పోయినా, చెవిలో మాటలు వినిపిస్తున్నా, గతంలో నిద్ర అక్కర్లేనంత హుషారు, విపరీతమైన ఖర్చు ఉన్న రోజులు వచ్చి ఉన్నా ముందు సైకియాట్రిస్టును చూడాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. మందులు వాడేవాళ్ళు వాడుతూనే ఇది చేయవచ్చు. చనిపోవాలన్న ఆలోచన ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుమందును ఆ రోజే వేరేచోటికి మార్చేయండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

ఏడో వారానికి మన రైతుకు ఆ తొమ్మిది ప్రశ్నల పట్టికలో అంకె 17 నుంచి 9కి దిగింది. బాకీ ఇంకా ఉంది. చివరి విడతలో నేను అడిగింది వేసవి గురించి. మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, నీళ్ళు లేకపోతే గాలం లేదు, మళ్ళీ మంచం పిలుస్తుంది. ఆయన కాసేపు ఆలోచించి నోటుబుక్కులో రాశాడు: "కాలువ కట్టేసిన రోజు నుంచి, సాయంత్రం ఐదు, చెరువు గట్టు మీద కొబ్బరి మొక్కలకు బోరు నీళ్ళు, కుర్రాడితో." ఆ చెరువు గట్టుకు వెళ్తానని ఆయన రాయడం అదే మొదటిసారి.